నడిచాకే గియ్యి నాన్నా

చెప్పులు అక్కడ విప్పి లోపలికి రా నాన్నా. ఆ చార్టు చుట్ట గోడకి ఆనించు, చేతిలో పట్టుకుంటే నలిగిపోతుంది. 'మా వార్డులో భూ వినియోగం ఎలా మారింది' అని ప్రాజెక్టు ఇచ్చారన్నావు, మంచి పని. రంగు పెన్సిళ్లు అప్పుడే చెక్కుకుని వచ్చావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. ఫోన్లో పైనుంచి తీసిన బొమ్మ చూసి, దానిమీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఆదివారం సాయంత్రానికి గీసేసి, సోమవారం ఇచ్చేస్తానంటావు. నీ మనసు మంచిదే, తొందరే మంచిది కాదు. మీ టీచరుగారిని మూడు వారాలు గడువు అడుగు. ఎందుకో విన్నాక నువ్వే అడుగుతావు.

పైనుంచి తీసిన బొమ్మలో నీకు కనపడేది డాబా కప్పు. కప్పు కింద ఏముందో అది చెప్పదు. కింద కిరాణా కొట్టు, మధ్య అంతస్తులో ట్యూషన్, పైన ఇల్లుగలవాళ్లు. ఈ మూడూ కలిసి నీకు ఒక్క తెల్లటి చతురస్రం. నీ ప్రాజెక్టు భూమిని దేనికి వాడుతున్నారనే కదా? వాడుక నేలమీద ఉంటుంది, చూడాలంటే నేలమీదే నడవాలి. నడిచాకే గియ్యి. ముప్పై ఏళ్లు సర్వే పనిలో గొలుసు లాగినవాణ్ణి, అరవయ్యారు అడుగుల గొలుసు, నూరు లింకులు. ఒకసారి ఎండకి తాళలేక చెట్టుకింద కూర్చుని, చూడని గట్టు చూసినట్టు పటంలో గీశాను. ఆ గట్టు దగ్గర అన్నదమ్ములు గొడవపడ్డారు, మళ్లీ వెళ్లి కొలిచి, వాళ్ల ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి చూడనిది గీయలేదు. నువ్వూ గీయకు.

ముందు ఏ నేల మీద పని చేస్తున్నావో తేల్చుకో. మనది బెజవాడ, మనం ఉన్నది రైలు కట్టకి ఉత్తరాన, సింగ్ నగర్ వైపు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరికి ఉత్తరంగా వచ్చి, కొల్లేటికి పోతుంది. దాని పల్లంలో వరి పండిన నేలమీద ఇవాళ మనం ఇళ్లు కట్టుకుని ఉన్నాం. 2024 ఆగస్టు చివర్లో వాన కురిసి, బుడమేరు మళ్లింపు కాలువ కట్టకి గండ్లు పడి, సెప్టెంబరు 1న నీళ్లు మన వీధుల్లోకి వచ్చాయి. రోజుల తరబడి కదలకుండా నిలబడ్డాయి. ఆ నీళ్ల సంగతి తర్వాత నీకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

వార్డు మొత్తం నీవల్ల కాదు. మూడు వీధులు, వాటి మధ్య సందులు, ఒక పక్క కాలువ గట్టు, అంత చాలు. ఒక జాగ్రత్త చెబుతాను. 'వార్డు నంబరు' అనేదాన్ని నమ్ముకుని పాతకాలంతో పోల్చకు. మన కార్పొరేషన్‌లో ఒకప్పుడు 59 డివిజన్లు, ఇప్పుడు 64. గీతలు కదిలాయి, నంబర్లు కదిలాయి. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల హద్దులు మళ్లీ వేరు. 1985లో పాయకాపురం, కుందావారి కండ్రిక లాంటి ఊళ్లు కార్పొరేషన్లో కలిశాయి, అంతకుముందు లెక్కల్లో అవి వార్డులే కావు, ఊళ్లు. పాత నంబరు వార్డులో ఇన్ని ఇళ్లు, కొత్త నంబరు వార్డులో ఇన్ని ఇళ్లు అని పక్కపక్కన రాస్తే అది నేల మారిన లెక్క కాదు, గీత మారిన లెక్క. అందుకని నంబరుతో కాదు, కదలని గుర్తులతో హద్దు చెప్పు. ఫలానా గుడి, ఫలానా కాలువ వంతెన, ఫలానా రోడ్డు మలుపు. అవి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పోల్చేది అదే నేల అయి ఉండాలి. ఈ మాట నీకు పదిసార్లు చెబుతాను, విసుక్కోకు.

ఇప్పుడు నడక. మా గొలుసులాంటివి నీకు అక్కర్లేదు. ముప్పై మీటర్ల టేపు పరిచి, నీ మామూలు నడకతో దాని పక్కనే మూడుసార్లు నడువు. అంగలు లెక్కపెట్టు. 42, 43, 41 వచ్చాయనుకో, సగటు 42. ఇక ఎక్కడ నడిచినా అంగల్ని ముప్పైతో హెచ్చించి నలభైరెండుతో భాగించు. వీధి పొడవు 310 అంగలైతే సుమారు 221 మీటర్లు. కొత్త చెప్పులతో కాదు, పుస్తకాల సంచి మోస్తూ కాదు, స్నేహితుడితో కబుర్లు చెప్పుకుంటూ అసలే కాదు. అంగ మారిపోతుంది, ఎక్కడ మారిందో నీకే తెలియదు.

ఒక సెంటీమీటరుకి పది మీటర్లు అని స్కేలు పెట్టుకో. నీ చార్టు దాదాపు 56 సెంటీమీటర్లకి 71. అంటే 560 మీటర్లకి 710 మీటర్ల నేల దాంట్లో పడుతుంది, మన మూడు వీధులకి ధారాళం. ఇరవై అడుగుల ముఖం ఉన్న ఇల్లు ఆరు మిల్లీమీటర్లు వస్తుంది. చిన్నదే, కానీ రంగు నింపొచ్చు. ఇంతకంటే చిన్న స్కేలు పెడితే ఇళ్లు చీమలైపోతాయి, పెద్దది పెడితే కాగితం చాలదు.

మూలలు ఎలా తిప్పాలా అని ఫోన్లో దిక్సూచి తెరిచావా? ఇనప షట్టర్ల పక్కన నిలబడి చూస్తే అది తప్పు చూపిస్తుంది. మా పద్ధతి చెబుతాను, టేపు ఒక్కటే చాలు. మూలనుంచి ఒక వీధి వెంట పది మీటర్లు కొలిచి సుద్దతో గుర్తు పెట్టు, రెండో వీధి వెంట పది మీటర్లు కొలిచి ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలువు. పద్నాలుగు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు వస్తే నిండు మూల. పన్నెండే వస్తే మూల ఇరుకు, పదహారు వస్తే వెడల్పు. మూడు వైపుల పొడవులూ తెలిస్తే త్రిభుజం ఇక కదలదు, కాగితం మీద వృత్తలేఖినితో అదే మూల దిగుతుంది. కాలువ గట్టు దగ్గర ఇది తప్పకుండా చెయ్యి, అక్కడ ఏ వీధీ నిక్కచ్చిగా తిరగదు.

వీధుల చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికి వచ్చాక పటంలో కూడా గీత మొదటి చుక్కకే రావాలి. రాదు, ఎవరికీ రాదు. అరవై సెంటీమీటర్ల చుట్టుకి ఒక సెంటీమీటరు తేడా వస్తే సర్దుకో, ఆ తేడాని అన్ని వైపులా కొంచెం కొంచెం పంచు. మూడు సెంటీమీటర్లు వచ్చిందంటే ఎక్కడో అంగలు తప్పావు, మళ్లీ నడువు. ఆ చివరి గీతని లాగి కలిపేయాలనిపిస్తుంది, చూడు, ఆ చెయ్యిని అక్కడే ఆపు. నీ పటం మీద నీకు నమ్మకం వచ్చేదీ పోయేదీ అక్కడే.

వీధులు కుదిరాక ఒక్కో స్థలం దేనికి వాడుతున్నారో రాయాలి. దీనికి ఎవర్నీ అడగక్కర్లేదు, వీధిలోంచి చూసి రాసేదే. 1930ల్లో బ్రిటన్‌లో డడ్లీ స్టాంప్ అనే ఆచార్యుడు దేశమంతా భూ వినియోగ పటాలు తయారుచేయించాడు. పొలాలవెంట తిరిగి రాసినవాళ్లలో చాలామంది బడిపిల్లలే, నీ ఈడువాళ్లే. మైలుకి ఆరంగుళాల పటం పట్టుకెళ్లి, అడవికి ఒక అక్షరం, దున్నిన నేలకి ఒకటి, గడ్డి నేలకి ఒకటి వేశారు. ఆ పిల్లలకి ఇచ్చిన అక్షరాలు కొన్నే. నువ్వు మాత్రం ఇరవై రంగులు తెచ్చావు! వద్దు. ఇల్లు, దుకాణం, ఇల్లూ దుకాణమూ కలిసినది, బడీ గుడీ ఆసుపత్రీ లాంటివి, పని షెడ్డు, ఖాళీ, సాగు లేక తోట, నీరు, దారి. ఈ తొమ్మిది చాలు. పాతకాలానికీ ఇవే తొమ్మిది, ఇప్పటికీ ఇవే తొమ్మిది. పాత పటంలో 'పొలం' అని, కొత్త పటంలో 'ఖాళీ' అని ఒకే నేలకి నువ్వు రెండు పేర్లు పెడితే మారింది నేల కాదు, నీ మాట.

ఈ 'ఖాళీ' అనే మాటే అన్నిటికంటే మోసం చేస్తుంది, దానిదగ్గర కాసేపు ఆగుదాం. మన వీధుల్లో ఖాళీ స్థలాలు నాలుగు రకాలుగా ఉంటాయి. చుట్టూ ప్రహరీ కట్టి, లోపల జిల్లేడు మొలిచి, గేటుకి తాళం పడినది ఒకటి, అది ఎవరో కొని ఉంచుకున్న ప్లాటు. రాళ్లు మాత్రం పాతినది ఇంకొకటి, కొత్త లేఅవుట్. మట్టి తోలి మెరక చేసినది మూడోది, ఏడాదిలో ఇల్లు లేవబోతోందని గుర్తు. నాలుగోది పల్లంగా ఉండి, తుంగా గుర్రపుడెక్కా పెరిగి, వానాకాలం నీళ్లు నిలబడేది. ఈ నాలుగోదాన్ని చాలామంది పిల్లలు ఖాళీ అని రాసేస్తారు. అది ఖాళీ కాదు నాన్నా, ఆ వీధి నీళ్లు దాచుకునే చోటు. ఎండాకాలం చూస్తే ఖాళీ, శ్రావణంలో చూస్తే గుంట. ఏ నెలలో చూశావో పటం మూలన రాయి. ఖాళీ అని రంగు వేసినా లోపల ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చిన్న అంకె వెయ్యి. తర్వాత ఆ అంకెలే నీ ప్రాజెక్టుని నిలబెడతాయి.

ఇంకో గుర్తు చెబుతాను, ఏ పుస్తకంలోనూ చూసుకోనక్కర్లేదు. గుమ్మం దగ్గర మెట్లు చూడు. రోడ్డుమీంచి ఇంట్లోకి మెట్లెక్కి వెళ్తున్నావా, దిగి వెళ్తున్నావా? ఇల్లు కట్టుకునేటప్పుడు ఎవరూ రోడ్డుకంటే పల్లంలో గుమ్మం పెట్టుకోరు. ఇల్లు కట్టాక రోడ్డు మీద రోడ్డు వేసి, సిమెంటు మీద సిమెంటు పోసి రోడ్డు పెరిగింది, ఇల్లు అక్కడే ఉండిపోయింది. దిగే ఇల్లు సాధారణంగా పాతది. మూడు నాలుగు మెట్లెక్కే ఇల్లు తర్వాతది, చుట్టుపక్కలవాళ్లని చూసి జాగ్రత్తపడినవాళ్లు కట్టింది. ప్రతి ఇంటికీ దిగడమైతే బాణం కిందికి, ఎక్కడమైతే పైకి, పక్కన మెట్ల లెక్క. పటం మీద ఈ బాణాలన్నీ కలిపి చూస్తే ఏ వీధి ముందు పుట్టిందో, ఏది తర్వాత పుట్టిందో మసకమసకగా తెలుస్తుంది. పాత ఇల్లు పడగొట్టి అదే చోట కొత్తగా కట్టుకున్నవాళ్లుంటారు, వాళ్ల దగ్గర ఈ గుర్తు పనిచేయదు. అందుకే మసకగా అన్నాను.

ఇక ఆ నీళ్ల సంగతి. వరద నీళ్లు కట్ట పక్కన పరుగెత్తాయి, కానీ మన వీధుల్లోకి వచ్చాక నిలబడ్డాయి. నిలబడిన నీటి పైభాగం దగ్గర దగ్గరగా సమంగా ఉంటుంది, పళ్లెంలో పోసిన నీళ్లలాగా. అంటే గోడమీద మిగిలిన బురద గీత నీకు దేవుడిచ్చిన మట్టపు గీత. ఒక ఇంటి ముందు ఆ గీత రోడ్డుమీంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండి, నలభై అంగల అవతల మూడు అడుగులే ఉందనుకో, అవతలి రోడ్డు అడుగున్నర మెరక అన్నమాట. ఇళ్లకి సున్నాలు వేసుకుని ఉంటారు, గీతలు చెరిగిపోయి ఉంటాయి. అప్పుడు 'ఎంత లోతు' అని అడక్కు, ఒకరు నడుమెత్తు అంటారు, ఒకరు మనిషెత్తు అంటారు. 'నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించండి పిన్నిగారూ' అను. స్విచ్‌బోర్డు కిందకి, కిటికీ గడప దాకా, ఫ్రిజ్ పైఅర దాకా అని చూపిస్తారు, నువ్వు టేపు పెట్టి రోడ్డునుంచి కొలువు. ఇంటి నేలనుంచి కాదు, రోడ్డునుంచి. ప్రతి చోటా రోడ్డునుంచే. ఒక చోట నేలనుంచి, ఒక చోట రోడ్డునుంచి కొలిస్తే పని మొత్తం గంగలో కలిసినట్టే.

ఇలాంటి కొలతలు ఇరవై ఉంటే చాలు. పటం మీద చుక్కలు పెట్టి, రెండడుగుల లోతువి ఒక గీతతో, మూడడుగులవి ఇంకో గీతతో, నాలుగడుగులవి మరో గీతతో కలుపు. మన వీధుల పల్లమూ మెరకా కాగితం మీద లేచి కూర్చుంటాయి. కాలువ గట్టుకి ఆనుకుని నీళ్లు పారిన చోట మాత్రం ఈ లెక్క వెయ్యకు, పారే నీళ్లు ఏటవాలుగా ఉంటాయి.

మనుషుల్ని అడిగే పని ఇక్కడ మొదలవుతుంది. దీనికి మర్యాద కావాలి. వరద తర్వాత ఆక్రమణలు తీసేస్తారని మాటలు వచ్చాయి కదా, అందుకని మన వైపు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడినవాళ్లని చూస్తే జనానికి గుండె ఝల్లుమంటుంది. ముందు నీ పేరు చెప్పు, ఏ బడో చెప్పు, ఎవరి మనవడివో చెప్పు. టీచరుగారి ఉత్తరం చూపించు. పట్టా ఉందా, ఎంతకి కొన్నారు, పన్ను కడుతున్నారా అని అడగొద్దు, అవి నీకు అక్కర్లేదు. ఇంటిపేర్లు రాయొద్దు, డోర్ నంబర్లు పటంలో వేయొద్దు, ఫొటోలు తీయొద్దు. నీ పటం బడిలో గోడకి తగిలిస్తారు, ఎవరెవరో చూస్తారు. ఒక ఇంటికి నీ గీతవల్ల చిక్కు రాకూడదు. మిట్ట మధ్యాహ్నం తలుపులు కొట్టకు, ఇద్దరు కలిసి పొద్దున్నో సాయంత్రమో వెళ్లండి.

అందరి ఇళ్లకీ వెళ్లలేవు. వీధి మొదటినుంచి లెక్కపెట్టి ప్రతి పదో గుమ్మానికి వెళ్లు. పదో గుమ్మానికి తాళం ఉంటే ఎదురింటి అత్తయ్య బాగా మాట్లాడుతుందని అటు వెళ్లకు. బాగా మాట్లాడేవాళ్ల ఇళ్లే చూస్తే నీకు పాత కాపురస్తులే దొరుకుతారు, అద్దెకుండేవాళ్లు, పొద్దున్నే పనికిపోయేవాళ్లు లెక్కలోనే రారు. ఇంకోరోజు మళ్లీ వెళ్లు. అప్పుడూ తాళమే అయితే దాని కుడిచేతి పక్క ఇల్లు. ముందే ఈ నియమం పెట్టుకుని దానికి కట్టుబడు.

'ఇక్కడ ఎప్పుడు ఇళ్లు వచ్చాయండీ' అంటే 'చాలా ఏళ్లయింది బాబూ' అంటారు. ఎనిమిదేళ్లూ చాలా ఏళ్లే, నలభై ఏళ్లూ చాలా ఏళ్లే. మనకి కృష్ణా పుష్కరాలున్నాయి కదా! 1980, 1992, 2004, 2016. పన్నెండేళ్లకోసారి బంధువులంతా బెజవాడకి దిగుతారు, ఎవరింట్లో పడుకున్నారో, ఎవరు ఏ దారిన ఘాటుకి నడిచారో ఎవరూ మర్చిపోరు. 'పోయిన పుష్కరాలప్పుడు ఈ స్థలంలో ఏముందండీ? అంతకుముందు పుష్కరాలకి?' అని అడుగు. 'ఆ పుష్కరాలకి మా అత్తగారి చుట్టాలొచ్చారు, ఇక్కడ చేలగట్టు మీదనుంచి నడిచాం' అని ఎవరైనా అంటే అదే నీకు తేదీ. ఒక్కరి మాట మీద రంగు వెయ్యకు. ఇద్దరు ఒకటే చెబితే నిండు రంగు, ఒక్కరే చెబితే గీతలు గీతలుగా రంగు, ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి ప్రశ్నార్థకం పెట్టు. ముందు 'అమ్మా, మీరు ఈ వీధికి ఎప్పుడొచ్చారు' అని అడగడం మరిచిపోకు. 2010లో వచ్చినావిడ 1992 గురించి చెప్పేది ఇంకెవరో ఆవిడకి చెప్పిందే.

మరి కాగితాలు? పాత పటాలు ఉన్నాయి, వాటికి వాటి శక్తి ఎంతో తెలుసుకుని వాడాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, మన వైపు పాత లెక్కలో 65 డి/10, చూస్తే మురిసిపోతావు. కానీ అది ఒక సెంటీమీటరుకి అర కిలోమీటరు. అందులో అర మిల్లీమీటరు గీత నేలమీద ఇరవై అయిదు మీటర్లు, అంటే మన వీధి వెడల్పుకంటే ఎక్కువ. దాన్ని పెద్దది చేసి నీ పటం కింద పెడితే వీధులన్నీ ఆ గీతలోనే మునిగిపోతాయి. కాలువ ఎటు పారింది, ఊరు ఎక్కడిదాకా ఉంది, చెరువు ఉందా లేదా, అంతవరకే దాన్ని అడుగు. ఊరి నక్షా మేలు. పాత మద్రాసు లెక్కలో మైలుకి పదహారంగుళాలు, అంటే అంగుళానికి అయిదు గొలుసులు. అందులో సర్వే నంబర్ల గట్లు, డొంకలు, కాలువలు కనపడతాయి. నేలమీద పొలాలు పోయినా ఆ గట్లలో కొన్ని ఇవాళ సందులై బతికే ఉంటాయి. అడ్డదిడ్డంగా వంకర తిరిగే సందు కనపడితే పాత డొంకేమో అని నక్షాలో వెతుకు. తిన్నగా గీత గీసినట్టుండేవి లేఅవుట్ వీధులు. ఇక కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత తేదీల బొమ్మలు వెనక్కి జరిపితే 2004 పుష్కరాల దగ్గర్లోదాకా ఏదో ఒకటి దొరకొచ్చు. నీ పెద్దల మాటల్ని దాంతో సరిచూసుకో. ముందు నడక, తర్వాత మాట, ఆ తర్వాతే ఆ బొమ్మ. ముందే బొమ్మ చూస్తే నీ కన్ను దాన్నే వెతుకుతుంది.

ఇప్పుడు రెండు పటాలయ్యాయి. ఒకటి ఇవాళ్టిది, ఒకటి 1992 పుష్కరాలది. రెండూ ఒకే స్కేలు. ట్రేసింగ్ కాగితం మీద ఒక సెంటీమీటరు గళ్లు గీసి, గుడీ వంతెనా మలుపూ మూడూ కలిసేలా రెండింటి మీదా పరువు. ఒక్కో గడి వంద చదరపు మీటర్లు. గడిలో సగానికి మించి ఏముంటే ఆ గడి దానిదే. నలభై గళ్లంటే దాదాపు ఎకరం. ఎవరైనా 'ఇక్కడ మాది రెండెకరాల చేను' అంటే ఎనభై గళ్లు ఉందో లేదో చూసి సరిచూసుకోవచ్చు.

చూపించడానికి ఒక లెక్క కట్టి చెబుతాను, ఇది మన వీధి లెక్క కాదు, ఊహించుకున్నదే. మొత్తం 240 గళ్లు, ఆరెకరాలకి కొంచెం తక్కువ. 1992లో సాగూ ఖాళీ కలిపి 150, ఇళ్లు 40, నీరు 20, దారి 30. ఇవాళ ఖాళీ 30, ఇళ్లు 130, ఇల్లూ దుకాణమూ 28, నీరు 6, దారి 46. కూడితే రెండూ 240 రావాలి, రాకపోతే అక్కడే ఆగు. చాలామంది ఈ రెండు వరసలూ చూసి 'ఇళ్లు 90 గళ్లు పెరిగాయి' అని రాసి ముగిస్తారు. అసలు సంగతి అందులో లేదు. పాతవి అడ్డంగా, కొత్తవి నిలువుగా ఒక పట్టిక గియ్యి, ఒక్కో గడి ఏదినుంచి ఏదిగా మారిందో అందులో వెయ్యి. నీరుగా ఉన్న ఆ 20 గళ్లు ఏమయ్యాయి? 6 నీరుగానే ఉన్నాయి, 9 ఇళ్లయ్యాయి, 3 దారి, 2 మెరక చేసిన ఖాళీ. ఆ పద్నాలుగు గళ్లే నీ ప్రాజెక్టు. వాటిని ఎర్రగీతతో చుట్టి, వరద లోతుల పటం తెచ్చి దానిమీద పరువు. నాలుగడుగుల గీత లోపల ఆ పద్నాలుగులో ఎన్ని పడ్డాయి, బయట ఎన్ని పడ్డాయి? అలాగే 1992కి ముందునుంచీ ఇళ్లున్న 40 గళ్లలో ఎన్ని లోపల పడ్డాయి? రెండూ లెక్కపెట్టి పక్కపక్కన రాయి.

ఇక్కడ చెయ్యి ఆపుకోవాలి. లోపల ఎక్కువ పడితే 'గుంటలు పూడ్చడంవల్లే వరద వచ్చింది' అని రాయాలనిపిస్తుంది. రాయొద్దు. వరద వచ్చింది వానవల్ల, కట్టకి పడ్డ గండ్లవల్ల. నీ మూడు వీధుల పటం చెప్పగలిగేది, వచ్చిన నీళ్లు ఏ స్థలాల్లో ఎక్కువ లోతుగా నిలబడ్డాయి, ఆ స్థలాలు ఒకప్పుడు ఏమిటి అని. అంతే. అంతవరకు రాస్తే ఎవరడిగినా తడబడకుండా చెప్పగలవు. పూడ్చి మెరక చేసిన చోట లోతు తక్కువే వచ్చిందనుకో, అప్పుడు ఇంకో ప్రశ్న పుడుతుంది. ఆ మెరకమీద నిలవలేని నీళ్లు పక్కింట్లోకి పోయాయా? మెట్లు దిగి వెళ్లే ఆ పాత ఇళ్ల బాణాలు చూడు. మెరక పక్కనున్న దిగే ఇంట్లో లోతు మిగతావాటికంటే ఎక్కువుంటే ఆ సంగతి రాసుకో. నిరూపించావని కాదు, అడగదగిన మాట దొరికిందని.

మీ నాన్నమ్మని అడిగావా? అడగలేదు కదా. 1992 పుష్కరాలకి ఆవిడ ఈ వీధిలోనే ఉంది. ఊళ్లో అందరి గుమ్మాలూ ఎక్కుతావు, ఇంట్లో ఉన్నావిణ్ణి మర్చిపోతావు. ఇవాళ రాత్రి అన్నం తినేటప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, ఆ రోజుల్లో బట్టలు ఎక్కడ ఉతికేవాళ్లో అడుగు. ఏ గుంట దగ్గరో చెబుతుంది. అది ఎక్కడుందో రేపు వీధిలోకి తీసుకెళ్లి చూపించమను, మోకాళ్ల నొప్పులని గబగబా నడిపించకు.

టేపు ఆ బీరువా పక్కన సంచిలో ఉంది, తీసుకెళ్లు. మొదటి మీటరు దగ్గర కొంచెం చినిగింది, అందుకని ఒకటినుంచి కొలిచి ఒకటి తీసెయ్యి. చార్టు ఇక్కడే వదిలెయ్యి, అది ఇప్పుడు నీకు అక్కర్లేదు. పెన్సిలూ చిన్న నోటు పుస్తకమూ చాలు. పొద్దున ఆరున్నరకి నేను గేటు దగ్గర ఉంటాను, ఎండ ఎక్కకముందు ఆ గుడి మలుపు దగ్గర నీ అంగలు లెక్కపెడదాం.